నాన్న పోయి ఐదు నెలలు. అమ్మను నాలుగు రోజులు ఎక్కడికి తీసుకెళ్ళాలి? దిండి, అరకు, పాండిచ్చేరి?

శిరీష_మల్కాజిగిరి | 5 జనవరి 2026, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన ఆగస్టు 19న నాన్నగారు పోయారు. ఆరేళ్ళు డయాలసిస్ మీద ఉన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు ఆస్పత్రి. ఆ ఆరేళ్ళూ అమ్మ (63) ఊరు దాటింది లేదు. ఇప్పటికీ సోమవారం వస్తే ఐదింటికే లేచి స్నానం చేసి తయారైపోతుంది. పప్పులో ఉప్పు వేసే ముందు చిన్న గిన్నెలోకి కొంచెం తీసి పక్కన పెడుతుంది. కాసేపటికి గుర్తొచ్చి మళ్ళీ అందులోనే కలిపేస్తుంది. నేను చూడనట్టు ఊరుకుంటాను.

నాలుగు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్దామని ఉంది. అన్నయ్య బెంగళూరులో ఉంటాడు. వదిన తరఫు వాళ్ళతో కలిపి పదకొండు మందిమి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని కేరళ వెళ్దామంటున్నాడు. వాడిది మంచి ఉద్దేశమే, కానీ అంతమంది అంటేనే నాకు టెన్షన్. అమ్మను అడిగితే "మీ ఇష్టం" అంటుంది. నేను అనుకున్నవి మూడు: కోనసీమలోని దిండి, అరకు, పాండిచ్చేరి. అమ్మకు మోకాళ్ళ నొప్పి, బీపీ ఉన్నాయి. మిగతా ఆరోగ్యం బాగానే ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

ట్రిప్_మాస్టర్ | 5 జనవరి, 10:05

ఇలాంటి సమయంలో కాశీని మించింది లేదు మేడమ్. సికింద్రాబాద్ నుంచి కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య తొమ్మిది రోజుల టూర్లు చాలా ఉన్నాయి. తెలుగు వంటవాడిని వెంట తీసుకొస్తారు. గయలో పిండప్రదానం కూడా అయిపోతుంది. ఒకే ఖర్చుతో రెండు పనులు.

శిరీష_మల్కాజిగిరి | 5 జనవరి, 10:12

థాంక్స్ అండీ. కర్మల కోసం అడగలేదు. అవి అన్నయ్య చూసుకుంటున్నాడు. అమ్మ కాస్త ఊపిరి తీసుకోవాలి, అంతే.

పెద్దాపురం_ప్రసాద్ | 5 జనవరి, 10:48

చెల్లెమ్మా, ఏటిసూతకంలో ప్రయాణాలు పనికిరావు. అందులోనూ అమ్మగారు ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదు. సంవత్సరీకం అయ్యాక నిశ్చింతగా తీసుకెళ్ళండి. పెద్దలు ఊరికే పెట్టలేదు.

సుబ్బలక్ష్మి_విజయవాడ | 6 జనవరి, ఉదయం 6:15

ప్రసాద్ గారూ, నేను ఆ అమ్మ స్థానంలో ఉన్నదాన్నే. మావారు పోయి నాలుగేళ్ళు. ఏడాది గడప దాటకపోవడమంటే ఏమిటో మీకు తెలుసో లేదో. పొద్దున లేస్తే ఆ కుర్చీ, ఆ కళ్ళజోడు పెట్టె, ఆ బాత్‌రూం చెప్పులు. వచ్చినవాళ్ళందరికీ చివరి రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పాలి. మా చెల్లెలు మూడో నెలలో వచ్చి నన్ను తనతో పాండిచ్చేరి తీసుకెళ్ళింది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నా నుదురు చూసి, చేతులు చూసి ఎవరి మొహమూ మారలేదు. సాయంత్రం సముద్రం పక్క రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు. ఆ గట్టు మీద మేమిద్దరం పల్లీలు తింటూ కూర్చునేవాళ్ళం. మా చెల్లెలు పెద్దగా మాట్లాడలేదు, అదే దాని గొప్పతనం.

శిరీషా, నీ మూడింట్లో నా ఓటు పాండిచ్చేరికే.

శర్మ_పౌరోహిత్యం | 6 జనవరి, 8:30

ఏటిసూతకం గురించి ప్రసాద్ గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. దీక్ష ప్రధానంగా కర్తకు, అంటే అంత్యక్రియలు చేసిన కొడుకుకు. ఏడాదిపాటు పండగలు చేసుకోరు, శుభకార్యాలు పెట్టుకోరు, కొండ మీది దేవుడి దగ్గరకు వెళ్ళరు. ఇందులోనూ ఇంటింటికీ తేడా ఉంది. ప్రయాణమే చేయకూడదని నేను ఎవరికీ చెప్పను. కొడుకులు ఉద్యోగాలకు వెళ్ళడం లేదా?

అమ్మగారి విషయానికొస్తే మా వైపు పదకొండో రోజు తర్వాత పుట్టింటివాళ్ళు వచ్చి నిద్రకు తీసుకెళ్తారు. ఆ ఇంట్లోంచి ఆవిడను కొన్నాళ్ళు బయటికి తీసుకెళ్ళాలని పెద్దలకూ తెలుసన్నమాట. మీరు చూసుకోవలసింది తిథి. నాన్నగారి తిథి ఏమిటి?

శిరీష_మల్కాజిగిరి | 6 జనవరి, 1:20

శ్రావణ బహుళ ఏకాదశి అండీ. మాసికాలు అన్నయ్య బెంగళూరులో పెడుతున్నాడు. అమ్మ ప్రతి నెలా వెళ్ళి వస్తోంది.

శర్మ_పౌరోహిత్యం | 6 జనవరి, 2:05

అయితే ఈ నెల మాసికం 14న, సరిగ్గా పండగల్లో పడుతుంది. తర్వాతది ఫిబ్రవరి 13. ఆరో నెల నిండే ముందు ఊనషాణ్మాసికం ఒకటి ఉంటుంది. అది 13కి కొద్ది రోజుల ముందు వస్తుంది, రోజు మీ పురోహితుణ్ణే అడగండి. కాబట్టి జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మీకు ఖాళీ. ఇంకో మాట. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది, మాసికం ఒకటి ఎక్కువవుతుంది. సంవత్సరీకం ఆగస్టులో కాదు, సెప్టెంబరులో వస్తుంది. ఆగస్టు అనుకుని ముందే టికెట్లు కొనేవాళ్ళను చూశాను.

పెద్దాపురం_ప్రసాద్ | 6 జనవరి, 3:30

శర్మ గారు చెప్పాక నేను అనేదేముంది. మా ఇంట్లో అయితే పంపం.

వశిష్ఠ_తీరం | 6 జనవరి, రాత్రి 8:50

మాది రాజోలు దగ్గర. దిండి చుట్టుపక్కల రిసార్టుల్లో ఫ్రంట్ ఆఫీసులో పనిచేశాను, ఇప్పుడు సొంతంగా రెండు కార్లు నడుపుతున్నాను. దిండి గురించి తెలిసింది చెప్తాను, మా ఊరని గొప్పలు పోను.

మోకాళ్ళకైతే మీ మూడింట్లో దిండే నయం. నేల అంతా చదును. నది వైపు గది తీసుకుంటే వరండాలో కూర్చున్న చోటే గోదారి కనిపిస్తుంది, చూడ్డానికి నాలుగు చోట్లకు తిరగక్కర్లేదు. అరకు రైలు బాగుంటుంది, 58 సొరంగాలు. కానీ పొద్దున్నే విశాఖలో రైలందుకోవాలి, దిగాక బొర్రా గుహల్లో మెట్లు. పైగా జనవరిలో అక్కడ జాతరే.

ఇక దిండిలో తేదీ తప్పితే మొత్తం తప్పుతుంది. సంక్రాంతి వారం మా వైపు రావద్దు. కోడిపందేలు, మైకులు, గదుల రేట్లు ఆకాశంలో ఉంటాయి. జనవరి 29 భీష్మ ఏకాదశి, అంతర్వేది తీర్థం, రథం. ఆ నాలుగు రోజులు మలికిపురం, రాజోలు రోడ్లన్నీ అంతర్వేదికే పోతాయి. అది అయ్యాక ఫిబ్రవరి 2 నుంచి 6 దాకా, అంటే పనిరోజుల్లో రండి. ఈసారి ఫిబ్రవరి మధ్యదాకా మూఢం, పెళ్ళిళ్ళు లేవు. మామూలుగా మాఘమాసమంటే పెళ్ళిబృందాలు గదులన్నీ తీసుకుని రాత్రి రెండింటిదాకా డీజే పెడతాయి. ఈ ఏడాది ఆ బాధ తప్పింది.

శని, ఆదివారాల్లో భీమవరం, రాజమండ్రి కుర్రాళ్ళు వస్తారు. శుక్రవారం సాయంత్రానికల్లా బయటపడండి.

డాలస్_వాసంతి | 6 జనవరి, 11:55

శిరీష, మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా మామగారు పోయాక రెండో నెలలోనే మా బావగారు అత్తయ్యను ఇక్కడికి తీసుకొచ్చారు. మనవాళ్ళంతా ముందు చేసేది ఇదే కదా, "అమెరికా తీసుకెళ్దాం, మనసు మళ్ళుతుంది" అని. విజిటర్ వీసా మీద మామూలుగా ఆర్నెల్లు ఉండనిస్తారు, టికెట్టు ఖరీదైంది కాబట్టి ఆర్నెల్లూ ఉంచుతారు. పొద్దున ఎనిమిదికి అందరూ వెళ్ళిపోతే సాయంత్రం ఆరుదాకా ఆవిడ ఒక్కతే. కారు లేనిదే వీధి చివరకు కూడా పోలేరు. ఫోన్ చేద్దామంటే ఇండియాలో అర్ధరాత్రి. అత్తయ్య ఫ్రిజ్ మీద క్యాలెండర్లో తేదీలు కొట్టేస్తూ ఉండేవారు.

అందుకే నేను అనేది, ఎక్కడికి వెళ్ళినా మధ్యలో "ఇంటికి పోదాం" అంటే ఆ రాత్రికే బయల్దేరగలిగే దూరంలో ఉండాలి. ఆ విషయం అమ్మగారికి ముందే తెలియాలి కూడా.

కరుణ_నర్సు | 7 జనవరి, ఉదయం 7:10

నేను పాలియేటివ్ కేర్‌లో నర్సుని. చివరి రోజుల్లో రోగి దగ్గరకు వెళ్తాం, తర్వాత కొన్నాళ్ళు ఇంటివాళ్ళనూ పలకరిస్తుంటాం. మీరు రాసిన పప్పు గిన్నె చదివాక రెండు విషయాలు చెప్పాలనిపించింది.

ఆరేళ్ళు మనిషిని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళకు భర్తతో పాటు ఉద్యోగం కూడా పోయినట్టు. నీళ్ళు కొలవడం, మందులు, ఆస్పత్రి టైము, అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అలాంటి మనిషిని తీసుకెళ్ళి "నువ్వేం చేయకమ్మా, హాయిగా కూర్చో" అంటే అది హాయి కాదు. చేతికి చిన్న పని ఉండాలి. మీ టీ ఆవిడ కలపాలి, మార్కెట్లో బేరం ఆవిడ ఆడాలి. కెటిల్, టీపొడి, పంచదార మీతో తీసుకెళ్ళండి. బఫే దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడటం చాలామందికి కష్టంగా ఉంటుంది. ఆయనకు పెట్టకుండా తను వడ్డించుకోవడం అక్కడే తగులుతుంది. టిఫిన్ గదికే తెప్పించుకోండి.

రెండోది, బుధవారం, శుక్రవారం అక్కడే గడుస్తాయి. ఆ రోజుల్లో తెల్లవారుజామునే లేస్తారు, లేవనివ్వండి. "పడుకో అమ్మా" అనొద్దు. మీరూ లేచి ఆవిడతో నడవండి. పగలు ఒక్క చిన్న పని చాలు, అదీ భోజనానికి ముందు. మధ్యాహ్నం నిద్ర. చీకటిపడే వేళ చాలామందికి గుబులుగా ఉంటుంది, ఆ గంట ఖాళీగా వదలొద్దు. టీవీ అయినా సరే, పేకముక్కలైనా సరే.

ఇంకోటి సూటిగా అడుగుతాను, ఏమనుకోకండి. అమ్మ తింటున్నారా, నిద్ర ఉందా, బరువు తగ్గారా? "నేనూ పోతే బాగుండు" లాంటి మాటలు పదేపదే వస్తున్నాయా? వస్తుంటే ముందు డాక్టరు, తర్వాతే ఊరు. ఆ స్థితిలో కొత్త చోటికి తీసుకెళ్తే ఇంకా బెంగపడతారు.

శిరీష_మల్కాజిగిరి | 7 జనవరి, 1:30

కరుణ గారూ, తింటోంది. నిద్ర నాలుగున్నరదాకా పడుతుంది. అలాంటి మాటలు మొదటి నెలలో ఉండేవి, ఇప్పుడు లేవు. బీపీ ఈ వారం చూపిస్తాను. కెటిల్ సంగతి నాకు తట్టలేదు, చాలా థాంక్స్.

వశిష్ఠ తీరం గారూ, ఫిబ్రవరి 2 రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి 3 మంగళవారం పొద్దున పాలకొల్లులో దిగుతాం అనుకుందాం. గది మధ్యాహ్నం 12కి కదా ఇచ్చేది?

వశిష్ఠ_తీరం | 7 జనవరి, 2:15

అందరూ పడే ఇబ్బంది అదే. తెల్లారే దిగి, లాబీలో బ్యాగుల మధ్య ఐదు గంటలు కూర్చుంటారు. రెండు దారులున్నాయి. ముందు రోజు నుంచే గది బుక్ చేయండి, ఒక రాత్రి అదనంగా పడుతుంది. లేదంటే మేనేజరుతో ఫోన్లో మాట్లాడి ఎర్లీ చెక్-ఇన్ అడగండి. మంగళవారం ఖాళీగానే ఉంటుంది కాబట్టి ఇస్తారు. ఆ మాట మెసేజ్‌లో రాయించుకోండి. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటితే దిండి, అరగంట.

బుక్ చేసేటప్పుడు కింది అంతస్తు గది, రెండు విడి మంచాలు అడగండి. మామూలుగా డబుల్ కాట్ ఇస్తారు. ఇది ఎందుకు చెప్తున్నానో మీకు అర్థమవుతుంది.

తిరుగు రైలు సాయంత్రం. గది పొద్దున ఖాళీ చేయమంటారు. సగం రోజు అద్దె కట్టి సాయంత్రం దాకా ఉంచుకోండి. శుక్రవారం రోజంతా రోడ్ల మీద తిప్పకండి.

రైల్వే_రంగయ్య | 7 జనవరి, 6:40

టికెట్ల గురించి. అమ్మకు లోయర్ బెర్త్ కావాలంటే మీ టికెట్లో ఆమెను కలపకండి. ఆ కోటా 45 దాటిన ఆడవాళ్ళకు, 60 దాటిన మగవాళ్ళకు. అదీ ఒక్కరే గానీ, అలాంటివాళ్ళు ఇద్దరే గానీ ఒక టికెట్ మీద ఉంటేనే. మీ వయసు 45 లోపైతే కలిపి తీసిన టికెట్‌కు ఆ కోటా పడదు. విడిగా తీసుకుని ఒకే కోచ్ దొరికేలా చూసుకోండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి ఫిబ్రవరి 2కి ఇప్పటికే తెరిచి ఉంది.

హార్స్లీ_హరి | 7 జనవరి, 9:30

మా అమ్మ పోయాక నాన్నను హార్స్లీ హిల్స్ తీసుకెళ్ళాను. మదనపల్లె దగ్గర కొండ, 1,200 మీటర్లకు పైనే ఎత్తు, వేసవిలోనూ చల్లగా ఉంటుంది. వాళ్ళిద్దరూ పెళ్ళయిన కొత్తలో వెళ్ళిన చోటు. నాన్నే అడిగాడు. అక్కడ ఒక యూకలిప్టస్ చెట్టు దగ్గర గంటసేపు నిలబడి, అంతకుముందు నాలుగు నెలల్లో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాడు. కాబట్టి కొత్త చోటికే వెళ్ళాలని లేదు. పాత చోటైనా మంచిదే, కాకపోతే ఆయన అడిగాడు కాబట్టి వెళ్ళాం. నేను ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా తీసుకెళ్ళి ఉంటే ఏమయ్యేదో తెలీదు.

శిరీష గారూ, నాన్నగారి అస్థికలు ఎక్కడ కలిపారు?

శిరీష_మల్కాజిగిరి | 7 జనవరి, 9:52

రాజమండ్రిలో. కోటిలింగాల రేవులో.

...అయ్యో. దిండి కూడా గోదావరే కదా. ఈ కోణంలో ఆలోచించలేదు.

వశిష్ఠ_తీరం | 7 జనవరి, 10:20

అవునండీ. రాజమండ్రి కింద ధవళేశ్వరం దగ్గర గోదారి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. దిండి వశిష్ఠ ఒడ్డున. ఆ నీళ్ళే మా ముందు నుంచి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. హరి గారు అడిగింది సరైన ప్రశ్న. మా దగ్గరకు వచ్చినవాళ్ళలో రెండు రకాలూ ఉన్నారు. ఒక ఆవిడ రోజూ నది దగ్గరే కూర్చునేది. ఇంకొకాయన మొదటి సాయంత్రమే గది మార్చమని అడిగాడు, తోట వైపు. ముందే అమ్మను అడగండి.

సుబ్బలక్ష్మి_విజయవాడ | 8 జనవరి, ఉదయం 6:05

అందుకే పాండిచ్చేరి అంటున్నాను. ఆ నీళ్ళ వాసన తగలదు. పైగా కోనసీమలో దిగీదిగగానే "మీదేవూరండీ, బాబుగారు రాలేదా, ఏం చేస్తుంటారు" అని అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు, కానీ ప్రతిసారీ సమాధానం చెప్పాలి కదా.

వశిష్ఠ_తీరం | 8 జనవరి, 9:00

అడుగుతారండీ, కాదనను. మా వాళ్ళకు అడక్కపోతే మర్యాద తప్పినట్టు. బుక్ చేసేటప్పుడే మేనేజరుకు ఒక్క ముక్క చెప్పేస్తే ఆయన సర్వీసు కుర్రాళ్ళకు చెప్తాడు. బయటవాళ్ళను మాత్రం ఆపలేం. కానీ అమ్మగారికి తమిళం, ఇంగ్లీషు రాకపోతే పాండిచ్చేరిలో నాలుగు రోజులూ కూతురి నోటితోనే మాట్లాడాలి. ఇక్కడైతే కొబ్బరికాయలు దింపేవాడితో కూడా కబుర్లు చెప్పుకోవచ్చు. ఏది కావాలో ఆవిడకే తెలుసు.

డాలస్_వాసంతి | 8 జనవరి, 9:45

సుబ్బలక్ష్మి గారు చెప్పింది, వశిష్ఠ తీరం గారు చెప్పింది, రెండూ నిజమే అనిపిస్తోంది నాకు. మా అత్తయ్యకు తెలుగు మాట వినపడకపోవడమే పెద్ద బాధ అయ్యింది. కానీ తెలుగువాళ్ళ పార్టీకి తీసుకెళ్తే అక్కడ ముత్తైదువలకు తాంబూలాలు ఇస్తుంటే వంటింట్లోకి వెళ్ళిపోయారు.

కరుణ_నర్సు | 8 జనవరి, 12:10

శిరీషా, "ఎక్కడికి వెళ్దాం" అని అడిగితే అమ్మ "మీ ఇష్టం" అనే అంటారు. ఆరేళ్ళుగా ఆవిడ ఇష్టం ఎవరూ అడగలేదు కదా. రెండే పెట్టి అడగండి, విడివిడి ప్రశ్నలుగా. నది దగ్గర ఉండాలని ఉందా, వద్దా? తోడు పిన్ని వస్తే బాగుంటుందా, నువ్వూ నేనూ చాలా? జవాబు వెంటనే రాకపోయినా మర్నాడు వంట చేస్తూ చెప్తారు చూడండి.

శిరీష_మల్కాజిగిరి | 11 జనవరి, రాత్రి 10:30

అడిగాను. కరుణ గారు చెప్పినట్టే మర్నాడు కూర తరుగుతూ చెప్పింది. "రేవులో ఆ రోజు ఎవరు ఏమంటున్నారో కూడా తెలీలేదు, పంతులుగారు తొందర పెట్టారు, నేను నీళ్ళ వైపు సరిగ్గా చూడనేలేదు. గోదారి దగ్గరికే పోదాం" అంది. తర్వాత, "మీ పిన్ని వస్తే బాగుంటుంది, అది గురక పెడుతుంది, నాకు అలవాటే" అని నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

పిన్నికి 58. రంగయ్య గారు చెప్పినట్టు అమ్మకు, పిన్నికి కలిపి ఒక టికెట్, నాకు విడిగా తీశాను. రెండు లోయర్లూ వచ్చాయి, నాది పక్క కోచ్. కింది అంతస్తులో మంచాలు మూడు పట్టే గది. మేనేజరుకు చెప్పాను. ఆయన "మా అమ్మ కూడా అంతేనమ్మా" అన్నాడు, ఇంకేం అడగలేదు.

పనులు పెట్టుకోలేదు. బుధవారం పొద్దున పడవలో గంట, గురువారం రాజోలు మార్కెట్. హౌస్‌బోటులో రాత్రి ఉండొచ్చా అని పిన్ని అడుగుతోంది.

వశిష్ఠ_తీరం | 11 జనవరి, 10:55

రాత్రి వద్దు. ఒడ్డు నుంచి బోటుకు చెక్క వేస్తారు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు తెల్లవారుజామున చీకట్లో దిగడం కష్టం. జనరేటరు చప్పుడు ఒకటి. అమ్మగారు నాలుగున్నరకు లేస్తే నడవడానికి చోటు ఉండదు. పగలు గంట తిరిగి రండి, పొద్దున తొమ్మిది లోపు, లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి. ఇంకో విషయం, ఫిబ్రవరిలో సాయంత్రం దోమలు గట్టిగా ఉంటాయి. వరండాలో కూర్చోవాలనుకుంటే దోమల కాయిల్స్, ఆడవాళ్ళకు పొడుగు చేతుల జాకెట్లు.

పెద్దాపురం_ప్రసాద్ | 12 జనవరి, ఉదయం 8:00

పాలకొల్లులో దిగుతున్నారు కదా, క్షీరారామం పక్కనే. పంచారామాల్లో ఒకటి. గుడికి వెళ్ళొచ్చో లేదో శర్మ గారు చెప్పాలి. నేనైతే బయట నుంచి గోపురానికి దండం పెట్టుకుని పొమ్మంటాను.

శర్మ_పౌరోహిత్యం | 12 జనవరి, 8:40

అది కొండ గుడి కాదు, అమ్మగారు కర్తా కాదు. వెళ్తే తప్పని నేననను. మీ ఇంటి పద్ధతి వద్దంటే మానండి. ఈ విషయంలో నేను ఒక మాట, మీ పురోహితుడు ఒక మాట చెప్పే అవకాశం ఉంది.

శిరీష_మల్కాజిగిరి | 12 జనవరి, 9:15

అమ్మ దేవుడి మీద ఇంకా అలిగే ఉంది శర్మ గారూ, ఇంట్లో దీపం కూడా నేనే పెడుతున్నాను. తను అడిగితే వెళ్తాం, నేను ఎత్తను.

అన్నయ్య సంగతే తేలలేదు. విషయం చెప్తే నొచ్చుకున్నాడు. "నాన్న నాకూ నాన్నే కదా, నన్ను వద్దంటారా" అన్నాడు. గురువారం సాయంత్రానికి ఒక్కడే కారేసుకుని వస్తానంటున్నాడు. బెంగళూరు నుంచి అంత దూరం, ఒక్క రాత్రికి. వద్దనాలా, రమ్మనాలా తెలీడం లేదు. వాడు వస్తే అమ్మ మళ్ళీ వాడికి ఏం పెట్టాలా అని చూసుకుంటుంది.

హార్స్లీ_హరి | 12 జనవరి, 9:40

రమ్మనండి. కొడుకుకు పెట్టడం కూడా ఆవిడకు పనే కదా, కరుణ గారన్న పని.

కరుణ_నర్సు | 12 జనవరి, 1:05

నేను అంత తేలిగ్గా చెప్పలేను. అన్నయ్య ఐదు నెలలుగా మాసికాలు పెడుతున్నాడు తప్ప కూర్చుని ఏడ్చాడో లేదో. ఆయన రావాలి, కానీ ఒక్క రాత్రి కోసం అంత దూరం డ్రైవింగ్ వద్దు. విమానంలో రాజమండ్రి దాకా వచ్చి కారు మాట్లాడుకోమనండి. లేదంటే 13న మాసికానికి ఎలాగూ అమ్మ బెంగళూరు వెళ్తారు కదా, ఆ తర్వాత రెండు రోజులు వాళ్ళిద్దరినే వదలండి. అన్నయ్యనే అడిగి చూడండి, ఆయనకు కావాల్సింది దిండా, అమ్మా అని.

సుబ్బలక్ష్మి_విజయవాడ | 12 జనవరి, 6:30

అన్నయ్య వస్తే రెండో గది తీసుకోమను. అక్కచెల్లెళ్ళ గదిలోకి రానివ్వకండి, రాత్రిళ్ళు వాళ్ళకు మాటలుంటాయి. నువ్వు కూడా ఆ రెండో గదిలోనే పడుకో.

శిరీష_మల్కాజిగిరి | 12 జనవరి, 10:10

రెండో గది గురించి మేనేజరుకు మెసేజ్ పెట్టాను, గురువారం ఒక్క రాత్రికి ఖాళీ ఉందన్నాడు, 25 లోపు ఖాయం చేయమన్నాడు. అన్నయ్య పండగ అయ్యాక చెప్తానన్నాడు.